ఏసీఎల్ సర్జరీ తర్వాత పరుగు: మర్నాడు వాపు వస్తే?

కిరణ్: మోకాలి లోపలి లిగమెంట్ ఏసీఎల్‌కి ఆపరేషన్ అయి 5 నెలలు. తొడ వెనక టెండన్ తీసి దాని స్థానంలో గ్రాఫ్ట్‌గా వేశారు. డాక్టరు గారు ట్రైనింగ్ మొదలుపెట్టుకోమన్నారు. నిన్న 20 నిమిషాలు ఆగకుండా నెమ్మదిగా పరిగెత్తాను, అప్పుడు నొప్పేమీ లేదు. పొద్దున చూస్తే మోకాలు బిర్రుగా ఉంది, పూర్తిగా మడవలేకపోతున్నాను. గ్రాఫ్ట్‌కి ఏమైనా అయిందా అని టెన్షన్.

పద్మ: మా అత్తగారికి కూడా మోకాలి మార్పిడి తర్వాత ఇలాగే వాచింది. ఐస్ పెట్టాం, తగ్గింది.

సుజాత (ఫిజియో): పద్మగారూ, అది వేరే ఆపరేషనండీ. కిరణ్ గారూ, పరిగెత్తేటప్పుడు టప్పుమన్నట్టు గానీ, మోకాలు జారినట్టు గానీ అనిపించిందా? అనిపిస్తే డాక్టర్‌కి చూపించండి. లేదంటే చాలావరకు భారం ఎక్కువై వచ్చిన నీరే. కాలు చాపి కూర్చుని, మోకాలి లోపలి పక్కన అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు నిమరండి. తర్వాత బయటి పక్కన పై నుంచి కిందికి నిమరండి. లోపలి పక్క గుంట మళ్ళీ ఉబ్బితే నీరు ఉన్నట్టే.

కిరణ్: జారలేదండీ. గుంట మాత్రం కొంచెం ఉబ్బుతోంది.

సుజాత (ఫిజియో): అది పోయి, కాలు మునుపటిలా మడిచి చాపగలిగేదాకా పరుగు వద్దు. తర్వాత చదునైన నేల మీద 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, అలా 6 సార్లు, రోజు విడిచి రోజు. మర్నాడు పొద్దున ఇదే పరీక్ష చేసి, ఉబ్బు లేకపోతేనే పరుగు 2 నిమిషాలకు పెంచి నడక 1 నిమిషానికి తగ్గించండి. సమయం పెంచే వారంలో వేగం జోలికి పోవద్దు. మళ్ళీ వాస్తే ఒక మెట్టు కిందికి దిగితే చాలు, మొదటికి రానక్కర్లేదు.

భాస్కర్: ఇంత లెక్క ఎందుకండీ? ఒంటికాలి గెంతులో దూరం రెండో కాలితో పోల్చితే 90 శాతం వస్తే గ్రౌండ్‌లోకి దిగొచ్చు. నేను అలాగే వాలీబాల్‌కి వెళ్ళాను.

సుజాత (ఫిజియో): 90 అన్న లెక్క ఉంది, కాదనను. కానీ తుంటి, చీలమండ సాయంతో దూరం లాగేయొచ్చు, మోకాలి లోటు బయటపడదు. పక్క నుంచీ ఎదుట నుంచీ వీడియో తీయండి. దిగగానే మోకాలు వంగకుండా కర్రలా ఉందా, లోపలికి వాలుతోందా చూడండి. అందుకే గెంతు కంటే ముందు దిగడం నేర్పుతాం. చిన్న మెట్టు మీంచి రెండు కాళ్ళ మీద చప్పుడు లేకుండా దిగి, రెండు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలవాలి. అది కుదిరాకే ఒంటికాలు.

భాస్కర్: నా వీడియో చూశాను. ఆపరేషన్ అయిన కాలు నిజంగానే వంగట్లేదు. దూరం మాత్రం 93 శాతం!

రవి: గెంతులు, పరుగు ఒకే రోజు చేయాలా, వేరే రోజుల్లోనా? మా కోచ్ వేరే రోజుల్లో చేయమంటారు.

సుజాత (ఫిజియో): నేనైతే ఒకే రోజు, కాళ్ళు అలవక ముందే గెంతులు, తర్వాత పరుగు చేయిస్తాను. మధ్య రోజు మోకాలికి విశ్రాంతి దొరుకుతుంది. మీ కోచ్ పద్ధతిలో వాపు రాకుండా నడుస్తుంటే మార్చక్కర్లేదు.

రవి: వేరే రోజులైతే ఏ పని వల్ల వాచిందో తేలిగ్గా తెలుస్తుందని ఆయన వాదన.