అప్‌డేట్: స్కూల్ ప్లాన్ ఉన్నా 1,840 డాలర్ల బిల్లు, క్లెయిమ్ తేలింది

నేను అప్పుడు అడిగింది: "అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. బయట ప్లాన్ ఉంది, యూనివర్సిటీది వద్దని పెట్టిన వేవర్ రిజెక్ట్ అయి యూనివర్సిటీ హెల్త్ ఇన్సూరెన్స్ ప్లానే తీసుకున్నాను. మోకాలి స్కాన్‌కి 1,840 డాలర్ల బిల్లు మొత్తం నా మీదే వేశారు. ఎందుకు?"

సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. "క్లెయిమ్ లెక్క చూపిస్తూ ఇన్సూరెన్స్ కంపెనీ పంపే ఈఓబీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న రిమార్క్ చదువు" అన్న సలహాతోనే విషయం బయటపడింది. క్లెయిమ్‌ని కాదనలేదు, ఆపి ఉంచారు. నాకు వేరే ఇన్సూరెన్స్ ఉందా అని కంపెనీ ఒక ఉత్తరం పంపిందట. అది నా పాత అడ్రస్‌కి వెళ్లింది. వేవర్ కోసం కొన్న చవక ప్లాన్‌ని అప్పటికే రద్దు చేశాను కాబట్టి, ఫోన్‌లో "వేరేది లేదు" అని చెప్పి, క్లెయిమ్ మళ్లీ ప్రాసెస్ చేయమన్నాను. హాస్పిటల్ బిల్లింగ్ వాళ్లకీ ఫోన్ చేసి, అది తేలేదాకా అకౌంట్ హోల్డ్‌లో పెట్టించాను. లేకపోతే బాకీలు వసూలు చేసే కలెక్షన్స్ వాళ్లకి పోయేదేమో, అదే అసలు టెన్షన్.

మూడు వారాలకు కొత్త ఈఓబీ వచ్చింది. హాస్పిటల్‌తో కంపెనీ ఒప్పుకున్న నెట్‌వర్క్ రేటు 620 డాలర్లు. అందులో ముందుగా నేనే కట్టాల్సిన డిడక్టిబుల్ 250, మిగతా 370లో నా వాటా 20 శాతం అంటే 74. మొత్తం 324 కట్టాను.

డాక్టర్ రెఫరల్, హాస్పిటల్ నెట్‌వర్క్‌లో ఉండటం రెండూ సరిగ్గానే ఉన్నాయి, వాటి మీద అనవసరంగా రెండు రోజులు పోయాయి. వేవర్ సంగతి వేరే: ఆ చవక ప్లాన్‌లో ఒక్కో జబ్బుకి పరిమితి ఉంది, మా యూనివర్సిటీ దాన్ని ఒప్పుకోదు. అప్పీల్ చేసినా లాభం లేదన్నారు.