పసుపు దీపాలు చాలవా, ఆర్పివేయాల్సిందేనా?

శ్రీనివాస్: తెల్లని వీధి దీపాల స్థానంలో పసుపు రంగువి పెడితే పురుగులకూ వలస పక్షులకూ మన నిద్రకూ ఇబ్బంది ఉండదు కదా? మరి రాత్రుళ్ళు ఆర్పివేయమని ఎందుకు పట్టుబడుతున్నారు?

రఘురామ్: పట్టుబట్టడం అనవసరమని నా అభిప్రాయం. నష్టమంతా తెల్లని దీపాల్లోని నీలి కాంతి వల్లనే జరుగుతోంది. పురుగులు దీపాన్ని చంద్రుడని భ్రమించి దాని చుట్టూ తిరుగుతాయి. ఆ నీలిని తీసివేస్తే పురుగులూ పక్షులూ మనమూ అందరమూ క్షేమమే.

లలిత: రఘురామ్ గారూ, నిద్ర విషయంలో మీ మాట చాలావరకు నిజం. కంటి వెనుక పొరలో పగలూ రాత్రీ తేడాను మెదడుకు తెలియజేసే ప్రత్యేక కణాలు 480 నానోమీటర్ల దరిదాపుల్లోని నీలి కాంతికే ఎక్కువగా స్పందిస్తాయి. పురుగులను కూడా పసుపు దీపాలు సాధారణంగా తక్కువగానే ఆకర్షిస్తాయి. అయితే చంద్రుడి వివరణ ఇప్పుడు నిలబడడం కష్టం. 2024లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అతివేగ కెమెరాలతో చూసినప్పుడు, పురుగులు దీపం వైపు వెళ్ళడం కన్నా దానికి తమ వీపును తిప్పుతున్నాయని తేలింది. వెలుతురు ఉన్న వైపే ఆకాశమని వాటి శరీరం నమ్ముతుంది. అందుకే దీపం తమ పక్కన ఉంటే ఒరిగిపోయి చుట్టూ తిరుగుతాయి, తమకన్నా దిగువన ఉంటే తలకిందులై కూలిపోతాయి. ఈ లెక్కన దీపం రంగుతో పాటు అది ఎటు వైపు వెలుగుతోందన్నదీ ముఖ్యమే.

పక్షుల విషయానికి వస్తే మీ వాదన తిరగబడుతుంది. ప్రయోగశాలలో యూరోపియన్ రాబిన్ పక్షులు నీలి, ఆకుపచ్చ కాంతుల్లో భూ అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దిక్కు పట్టగలిగాయి, పసుపు, ఎరుపు కాంతుల్లో మాత్రం తడబడ్డాయి. బయటి ఆకాశంలోనూ ఇంతే జరుగుతుందా అన్నది ఇంకా వివాదంలోనే ఉంది.

పద్మజ: మా కిటికీ ఎదుట వీధి దీపాన్ని పసుపు రంగుకు మార్చారు, అయినా నాకు నిద్ర పట్టడం లేదు. దీనికి ఏ మాత్ర వాడాలి?

లలిత: పద్మజ గారూ, మాత్రల సంగతి వైద్యులనే అడగండి. రంగు మారినా వెలుతురు నేరుగా గదిలో పడుతుంటే నిద్రకు భంగమే. ముందు దట్టమైన పరదా వేసి చూడండి, దీపానికి కిటికీ వైపు కప్పు బిగించమనీ అడగండి.

రఘురామ్: సరే, మరి ఆర్పితే పక్షులకు మేలు జరుగుతుందనడానికి రుజువు ఏమిటి?

లలిత: న్యూయార్క్‌లో ఏటా సెప్టెంబరు 11న నింగిలోకి వేసే 88 సర్చిలైట్లే రుజువు. ఆ రోజులు వలస కాలంలోనే వస్తాయి. 2017లో వెలువడిన అధ్యయనం ఏడు రాత్రుల్లో సుమారు 11 లక్షల పక్షులు ఆ కాంతి ప్రభావానికి లోనయ్యాయని అంచనా వేసింది. వెయ్యికి మించి పక్షులు కాంతిలో చిక్కుకుంటే దీపాలను దాదాపు 20 నిమిషాలు ఆపుతారు. ఆపిన కొద్ది నిమిషాల్లోనే గుంపులు చెదిరి తమ దారిన సాగిపోవడం రాడార్‌లో కనిపించింది.

రఘురామ్: అవి నింగిని తాకే సర్చిలైట్లు, వీధి దీపాలతో పోల్చకూడదు. వలస ఉద్ధృతంగా ఉండే రాత్రుల్లో మాత్రమే ఆర్పితే ఒప్పుకుంటాను.

లలిత: పోలిక పూర్తిగా అతకదన్నది నిజమే. రాడార్‌తో వలసను ముందుగా అంచనా వేయగలుగుతున్నారు కనుక పక్షులకు మీ షరతు సరిపోవచ్చు. పురుగులకు మాత్రం చాలదు, అవి వెచ్చని రాత్రులన్నిటా తిరుగుతూనే ఉంటాయి.