కొడుకు చూపించిన త్రీడీ బొమ్మని తండ్రి నిజం ఇల్లనుకుంటే తప్పా?

తెల్లకాగితం:
చిన్న కథ రాస్తున్నాను. పల్లెలో ఉన్న తండ్రికి కొడుకు ఫోన్‌లో త్రీడీ ఎలివేషన్ చూపిస్తాడు. పాత ఇల్లు పడగొట్టి అక్కడే కట్టబోయే మేడ అది. బొమ్మ అచ్చం ఫొటోలా ఉంటుంది. తండ్రి చూసి "ఎవరిదిరా ఈ మేడ?" అంటాడు. చదివిన ఇద్దరిలో ఒకరు బాగుందన్నారు. ఇంకొకరు పల్లెటూరి మనిషిని వెర్రివాణ్ణి చేశావన్నారు. ఆ మాట ఉంచనా, తీసేయనా?

పాతచొక్కా:
తీసేయండి. ఏ కాలంలో ఉన్నారండీ? ఈరోజు మేస్త్రీ ఫోన్ తెరిచినా ఎలివేషన్ బొమ్మలే. తండ్రికి అది బొమ్మని తెలియకపోవడం అనేది ఎప్పుడో అయిపోయిన జోకు.

నీడపట్టు:
నా వృత్తే ఈ బొమ్మలు చేయడం. మొదటి చూపులో నేనూ ఒక్కోసారి ఫొటో అనుకుంటాను, కాబట్టి "ఎవరిదిరా" అన్న మాటలో వెర్రితనమేమీ లేదు. నాకు వెలితిగా ఉన్నది దాని తర్వాత ఏమీ లేకపోవడం. ఆ స్థలంలో పుట్టి పెరిగినవాడు రెండో ప్రశ్న వేస్తాడు: "ఎక్కడ నిలబడి తీశార్రా దీన్ని?"

ఎందుకంటే అలా నిలబడే చోటు అక్కడ ఉండదు. ఇంటి ముఖం 30 అడుగులనుకోండి, ముందు వీధి 15 అడుగులు, అవతల ఎదురింటి గోడ. మామూలుగా కంటికి కనపడినంత కోణంలో ఆ ముఖమంతా పట్టాలంటే 40 అడుగులు వెనక్కి వెళ్ళాలి. అంటే ఎదురింటి గోడ దాటి వాళ్ళ దొడ్లోకి. కంప్యూటర్‌లో మాకు ఆ ఇబ్బంది లేదు. ఎదురిల్లు అసలు పెట్టం, దాని స్థానంలో పచ్చిగడ్డి పరుస్తాం. మేడ కట్టిన తర్వాత కూడా ఆ బొమ్మలో కనపడినట్టు దాన్ని ఎవరూ ఎప్పటికీ చూడలేరు. వీధిలో నిలబడితే మెడ ఎత్తాలి. కనిపించేది సన్‌షేడ్ అడుగుభాగం, దానికి అంటిన మరకలు.

గోడచేర్పు:
అదంతా వైడ్ లెన్స్ మాయ. లెన్స్ సాగదీస్తుంది కాబట్టే చిన్న ఇల్లు పెద్దగా కనిపిస్తుంది. మామూలు లెన్స్ పెట్టమంటే నిజం బయటపడుతుంది. కథలో కొడుకు ఆ పనే చేయించొచ్చు.

నీడపట్టు:
సగం నిజం. సాగినట్టు అనిపించేది లెన్స్ వల్ల కాదు, మరీ దగ్గర నిలబడటం వల్ల. కనిపించేదాంట్లో ఎంత వెడల్పు కోసివ్వాలన్నదే లెన్స్ పని. వెనక్కి వెళ్ళే చోటు లేనప్పుడు వైడ్ పెడతాం, అప్పుడు దగ్గరున్న పోర్టికో ఏనుగంత అవుతుంది, వెనక గది పెట్టెంత అవుతుంది. మామూలు లెన్స్ పెడితే నిజం బయటపడదు, కెమెరా ఎదురింటి దొడ్లోకి పోతుంది, అంతే. లోపలి గదుల బొమ్మల్లో ఇంకా ఘోరం: గోడని తీసేసి దాని అవతల నుంచి చూపిస్తాం. 10 అడుగుల గది హాల్లా కనపడేది అందుకే.

మల్లెపందిరి:
మేమూ మా ఇంటికి త్రీడీ చేయించాం. బొమ్మలో గోడ లేత బూడిద, కట్టాక చూస్తే నీలం. పైన వాటర్ ట్యాంకు, పక్కన డ్రైనేజీ పైపులు బొమ్మలో లేనే లేవు. ఇంతకీ మీ అబ్బాయి ఏ సాఫ్ట్‌వేర్ వాడారో చెప్తారా? మెట్లు బయట పెట్టుకుంటే మంచిదా లోపలా?

తెల్లకాగితం:
మల్లెపందిరి గారూ, అబ్బాయి కథలో వాడండీ, నాకు ఇల్లు లేదు. కానీ పైపుల సంగతి తీసుకుంటున్నాను.

నీడపట్టు గారూ, నా కథలో ఇల్లు ఉత్తరం ముఖం. బొమ్మలో ఎడమ వైపు నుంచి నారింజ రంగు ఎండ ముందు గోడంతా పడుతుంది, మనుషుల నీడలు కుడివైపుగా ఇంటి మీదికి సాగుతాయి. "సాయంత్రం వేళ నాన్నా" అని కొడుకు అంటాడు. ఇందులో పొరపాటు ఏమైనా ఉందా?

నీడపట్టు:
ఉంది, మీ కథకి అదే వరం. ఉత్తరం ముఖం ఇంటికి ఎదురుగా నిలబడితే మీరు దక్షిణం చూస్తున్నట్టు. ఎడమ చెయ్యి తూర్పు. ఎడమ నుంచి ఎండ వస్తే అది పొద్దున, సాయంత్రం కాదు. పైగా నీడ ఇంటి మీదికి పడిందంటే సూర్యుడు ఈశాన్యంలో ఉన్నట్టు. చలికాలం పొద్దున సూర్యుడు ఆగ్నేయంలో, అంటే ఇంటి వెనక ఉంటాడు. ముందు గోడ నీడలో, ఇంటి నీడ ముంగిట్లో ఉంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ముందు గోడ వెలగకపోతే బొమ్మ అందంగా రాదు, కాబట్టి సూర్యుణ్ణి పట్టుకుని కావలసిన వైపుకి తిప్పేస్తాం. ఊరి అక్షాంశం, తేదీ, గంట ఇస్తే సరైన చోట పెట్టే సదుపాయం సాఫ్ట్‌వేర్లలో ఉంది, హడావిడిలో ఎవరూ వాడరు. ఏ మూల ఎప్పుడు ఎండుతుందో తండ్రికి తెలుసు. "చలికాలం పొద్దున నేనెక్కడ కూర్చోవాల్రా?" అని అడగనివ్వండి.

పాతచొక్కా:
ఇదొక్కటి ఒప్పుకుంటాను. ఇందులో వెర్రివాడు కొడుకు.

ఎర్రసిరా:
నేను ఒప్పుకోను. నిన్నటిదాకా పల్లెటూరి తండ్రి అమాయకుడు. ఇప్పుడు నేల వాసన చూసి అన్నీ చెప్పే జ్ఞాని. రెండూ మూసలే, రెండోదానికి చప్పట్లు ఎక్కువ పడతాయి.

ఆచరణలోనూ చూడండి. అరవై దాటిన మనిషి, కళ్ళజోడు లోపలెక్కడో ఉంది, చేతిలో అరచెయ్యంత తెర, దాని మీద ఆరుబయటి వెలుగు. నీడలు ఎటు పడ్డాయో ఆయనకి కనపడవు. ఫోన్‌ని చెయ్యి చాపినంత దూరం పెట్టి తెల్లగా, ఎత్తుగా ఏదో ఉందని చూస్తాడు. కొడుకు రెండు వేళ్ళతో పెద్దది చేస్తాడు, అప్పుడు పిట్టగోడ ముక్క ఒకటే కనిపిస్తుంది. మళ్ళీ చిన్నది చేస్తాడు, మళ్ళీ ఏమీ కనపడదు. "బాగుందిరా" అనేస్తాడు. నేనైతే అక్కడితో ఆపేస్తాను.

నీడపట్టు:
తెర చిన్నదైతే కాగితం మీద అచ్చు వేయించి ఇవ్వొచ్చు, మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అదే అడుగుతారు. ఎండ కనపడకపోయినా పాత ఇల్లు కనపడట్లేదని ఆయనకి తెలియదా? మేము మొదట చేసే పని స్థలం ఖాళీ చేసుకోవడం. పాత ఇల్లు, పెరట్లో చెట్టు అన్నీ పోతాయి, వాటి చోట లైబ్రరీలోంచి తెచ్చిన ఏదో విదేశీ చెట్టు నాటుతాం. ఆయన జ్ఞాని కానక్కర్లేదు, తన చెట్టేదని వెతుక్కుంటే చాలు.

ఎర్రసిరా:
చెట్టు కోసం వెతుక్కోవడం వరకు సరే. దిక్కుల పాఠం మాత్రం రచయిత గొంతు.

గోడచేర్పు:
దిక్కుల లెక్కలో ఒక తిరకాసు మిగిలింది. కర్కట రేఖకి దిగువనున్న ఊళ్ళలో నడివేసవిలో కొన్ని వారాలు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. ఉత్తరం గోడకి అప్పుడు ఎండ తగులుతుంది, ఉదయం సాయంత్రం ఏటవాలుగానూ రాసుకుంటుంది. తండ్రి "ఉత్తరం గోడకి ఎండేమిటి" అంటే ఆ నెలల్లో తప్పైపోతుంది.

నీడపట్టు:
నిజమే, నేను చలికాలం అన్నది అందుకే. కానీ మీ వేసవి ఎండ గోడని గీరుకుంటూ పోయేదే. ఈయన బొమ్మలోలా గోడంతా నారింజ పూత పూసినట్టు ఎదురుగా పడదు. తెల్లకాగితం గారూ, కథ ఏ నెలలో జరుగుతోంది?

తెల్లకాగితం:
నెల ఇంకా అనుకోలేదు. వేసవి సెలవుల్లో కొడుకు వస్తాడని మాత్రం రాశాను. మనవడు కూడా వస్తాడు కాబట్టి సెలవులు మార్చడం కుదరదు. "ఎవరిదిరా" ఉంటుంది. చెట్టు పెడుతున్నాను, ఎండ గురించి ఇంకా తేల్చుకోలేదు.