అప్‌డేట్: క్లయింట్‌ను గడువు అడిగాను, సోమవారానికి ఒప్పుకున్నారు

నా ప్రశ్న: "160 పేజీల పుస్తకం డీటీపీ శుక్రవారానికి ఇవ్వాలి, అవ్వదు. క్లయింట్‌కి ఏం చెప్పాలి?"

సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. ఒంట్లో బాలేదని చెప్పమన్న సలహా వదిలేసి, ఉన్నదే చెప్పాను. బుధవారం సాయంత్రమే ఫోన్ చేసి, అను ఫాంట్‌లోని పాత ఫైల్‌ను యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరాయని, ఆ సంగతి ముందే చూసుకోకపోవడం నా తప్పేనని చెప్పేశాను. "రెండు మూడు రోజులు" అనకుండా లెక్క వేసుకోమన్న సలహా బాగా పనిచేసింది: మిగిలినవి 96 పేజీలు, రోజుకు 24 చొప్పున ఆదివారానికి అవుతాయి, చివరి ప్రూఫ్‌కి ఒక రోజు, అంటే సోమవారం సాయంత్రం 5. పూర్తయిన 64 పేజీలు అప్పుడే పంపాను. ఆయన అడిగింది ఒక్కటే, ప్రెస్ వాళ్లకి ఏ రోజు చెప్పాలని. డబ్బు తగ్గిస్తానని అనాల్సిన అవసరమే రాలేదు. సోమవారం మధ్యాహ్నమే ఇచ్చేశాను.