1+x ≥ 0 అని రాయనందుకు రెండు మార్కులు పోయాయి. న్యాయమేనా?

నాన్న_పాతబీకాం: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ టెస్టులో, x ≥ −1 అయితే ప్రతి ధన పూర్ణాంకం n కీ (1+x)^n ≥ 1+nx అన్న బెర్నౌలీ అసమానతని గణితానుగమనంతో చూపమన్నారు. ఏడుకి ఐదు వేశారు. తను రాసింది ఇది:

n = 1 కి రెండు వైపులా 1+x, సరిపోయింది. n = k కి నిజమనుకుందాం. అప్పుడు
(1+x)^(k+1) = (1+x)^k (1+x) ≥ (1+kx)(1+x) = 1+(k+1)x+kx² ≥ 1+(k+1)x.

ఆ మొదటి ≥ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. అంతే, ఇంకేం రాయలేదు. నాకు చూస్తే అంతా బాగానే ఉంది. తప్పెక్కడ?

గోదారిగట్టు: ఇది పైపుల్లో నీళ్ల ఒత్తిడికి వాడే బెర్నౌలీదేనా? మాకు ఫిజిక్స్‌లో వచ్చింది.

రిటైర్డ్_మాస్టారు: కాదమ్మా. నీళ్ల ఒత్తిడి డేనియల్‌ది, 1738 నాటి పుస్తకంలోది. ఈ అసమానత ఆయన పెదనాన్న జాకబ్‌ది, 1689లో అచ్చయింది. ఒకే ఇంటివాళ్లు కాబట్టి అందరూ పొరబడతారు.

ఇక పాతబీకాం గారూ, అమ్మాయి రాసిన వరసలన్నీ నిజమే. కానీ మొదటి ≥ దగ్గర ఏం చేసిందో చూడండి. (1+x)^k ≥ 1+kx అన్నదాన్ని రెండు వైపులా (1+x) తో గుణించింది. గుణించేది రుణసంఖ్య అయితే గుర్తు తిరగబడుతుంది కదా. x ≥ −1 అన్న షరతు పనికొచ్చేది ఆ ఒక్క చోటే, అక్కడే దాని పేరెత్తలేదు.

నమ్మకం కుదరకపోతే x = −4 వేసి చూడండి. n = 2 కి ఎడమ 9, కుడి −7, నిజమే. ఇప్పుడు అమ్మాయి చేసినట్టే 1+x తో, అంటే −3 తో గుణించండి. ఎడమ −27, కుడి 21. −27 ≥ 21 అవుతుందా? n = 3 కి అసలు అసమానతే పడిపోయింది, 1+nx విలువ −11 కాబట్టి. ఆవిడ నిరూపణలో x = −4 ని ఆపే మాట ఒక్కటీ లేదు. అబద్ధాన్ని కూడా అంతే సాఫీగా నిరూపించేస్తుంది.

షార్ట్‌కట్_సుబ్బు: ఇంత గోల ఎందుకండీ. ద్విపద సిద్ధాంతం వాడితే ఒక్క లైను. (1+x)^n = 1 + nx + ఇంకొన్ని పదాలు. ఆ ఇంకొన్ని తీసేస్తే తగ్గుతుంది. అయిపోయింది.

రిటైర్డ్_మాస్టారు: x ≥ 0 అయితే అయిపోయినట్టే సుబ్బూ. x = −1/2, n = 4 తీసుకో. మిగిలేవి 6x², 4x³, x⁴. విలువలు 1.5, −0.5, 0.0625. మధ్యలోది రుణం. మొత్తం కలిపితే ధనమే వచ్చింది గానీ, ప్రతిసారీ అలాగే వస్తుందని చెప్పాలంటే మళ్లీ నిరూపించాలి. కష్టమంతా ఆ "ఇంకొన్ని"లోనే దాక్కుంది.

షార్ట్‌కట్_సుబ్బు: సరే, ఒప్పుకున్నా. కానీ ఒక సంగతి. x = −1.5, n = 3 వేసి చూశా. ఎడమ −0.125, కుడి −3.5. నిజమే అయింది! x = −3 కి కూడా −8, −8 సమానం వచ్చింది. మరి −1 అన్న హద్దు ఎవరు పెట్టారు? హద్దే అంత ఖచ్చితం కానప్పుడు అది రాయలేదని మార్కులు కోయడమేంటి?

టంకం_పనిమంతుడు: మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా షాపులో ఒక్కో సర్క్యూట్ బోర్డుకి 30 టంకాలు. ఒక్కో టంకం చెడే అవకాశం నూటికి ఒకటి అనుకుంటే, బోర్డు మొత్తం బాగుండే అవకాశం 0.99^30. మా సూపర్‌వైజరు కాలిక్యులేటర్ తీయకుండానే "డెబ్బై శాతానికి తగ్గదు" అనేవాడు. ఇప్పుడు అర్థమైంది, x = −0.01 వేసి 1 − 0.30 చేశాడు. అసలు విలువ 0.74 దగ్గర. కానీ 200 టంకాల బోర్డుకి అదే లెక్క −1 ఇస్తోంది. అవకాశం −1 ఏంటి? ఫార్ములా తప్పా?

రిటైర్డ్_మాస్టారు: తప్పు కాదు, పనికిరాదు, అంతే. 0.99^200 అంటే 0.13 చిల్లర. అది −1 కంటే ఎక్కువే కదా, అసమానత నిజమే చెప్పింది. గుర్తు వదిలేసి చూస్తే, n, x ల లబ్ధం 1 దగ్గరకి వచ్చేసరికి ఈ హద్దుతో పని ఉండదు. లబ్ధం చిన్నగా ఉన్నప్పుడే వాడుకోండి.

ఇంకోటి. ఒక టంకం చెడటానికీ ఇంకోటి చెడటానికీ సంబంధం లేదనుకుంటేనే 0.99^30 అని రాయగలం. ఆ రోజు టంకం తీగే నాసిరకమైతే అన్నీ కలిసి చెడతాయి, ఆ ఘాతం లెక్క పనిచేయదు. ఒక్కో టంకం చెడే అవకాశం నూటికి ఒకటే ఉన్నంతవరకు, మీ సూపర్‌వైజరు చెప్పిన డెబ్బై మాత్రం అప్పుడూ నిలుస్తుంది. ఏదో ఒకటి చెడే అవకాశం, విడివిడి అవకాశాల మొత్తాన్ని, అంటే 0.30 ని, ఎప్పటికీ దాటదు కాబట్టి.

టంకం_పనిమంతుడు: నాసిరకం తీగ సంగతి మీకెలా తెలుసు సార్ 😀 పోయిన నెలలో అదే జరిగింది.

రిటైర్డ్_మాస్టారు: సుబ్బు అడిగింది మంచి ప్రశ్న, దాటేయకూడదు. −1 అన్నది ఈ నిరూపణకి కావలసిన హద్దు, అసమానత విరిగే చోటు కాదు. ఒక్కో మెట్టు కాకుండా రెండేసి మెట్లు ఎక్కితే తేడా తెలుస్తుంది. (1+x)² ఎప్పుడూ రుణం కాదు కాబట్టి గుణించడానికి భయమే లేదు:

(1+x)^(k+2) ≥ (1+kx)(1+x)² = 1+(k+2)x + x²(1+k(2+x)).

x ≥ −2 అయితే చివరి ముక్క రుణం కాదు. n = 1 కి, n = 2 కి విడిగా చూసుకుంటే చాలు, రెండేసి చొప్పున అన్నీ వచ్చేస్తాయి. అంటే −2 దాకా అసమానత నిజం.

షార్ట్‌కట్_సుబ్బు: అయితే మార్కులు కోయడం తప్పేగా!

రిటైర్డ్_మాస్టారు: కాదంటాను. ఆవిడ రాసిన దారిలో x = −1.5 కి కూడా గుర్తు తిరగబడుతుంది. చేరిన చోటు నిజమైనా వచ్చిన దారి నిజం కాదు. నేనైతే ఒక మార్కు కోసేవాణ్ణి.

లెక్చరర్_నైట్‌షిఫ్ట్: నేను రెండూ కోస్తాను మాస్టారూ. ఆ ప్రశ్న అడిగేదే ఆ షరతు ఎక్కడ వాడారో చూడటానికి. మిగతాదంతా బీజగణితమే.

నాన్న_పాతబీకాం: అమ్మాయికి ఇదంతా చూపించా. మార్కుల సంగతి వదిలేసి కాలిక్యులేటర్ పట్టుకు కూర్చుంది. n సరిసంఖ్య అయితే ఏ x వేసినా తప్పడం లేదంటోంది. బేసిసంఖ్యలకి మాత్రం ఎక్కడో విరుగుతోందట. n = 3 కి −3 దగ్గర, n = 5 కి −2.65 దగ్గర. n = 7 కి −2.49 వేస్తే నిలబడింది, −2.5 వేస్తే పడిపోయింది. n పెంచుకుంటూ పోతే ఇది −2 కే చేరుతుందా, ముందే ఎక్కడైనా ఆగుతుందా అని అడుగుతోంది. నా వల్ల కాదు, ఎవరైనా చెప్పండి.

షార్ట్‌కట్_సుబ్బు: −2 కే చేరుతుంది. చూస్తేనే తెలుస్తోంది.

రిటైర్డ్_మాస్టారు: ఎలా తెలుస్తోందో రాయి సుబ్బూ. x = −2−h పెట్టి మొదలుపెట్టు. ఈసారి షార్ట్‌కట్ లేదు.