«భరతఖండంబు చక్కని పాడియావు»: 1907 నాటి సభకు స్వీయచరిత్ర ఎంతవరకు సాక్ష్యం?

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

పాఠశాల విద్యార్థుల కోసం పద్యసంకలనం ఒకటి సిద్ధం చేస్తున్నాను. అందులో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ఈ పద్యం ఉంది.

భరతఖండంబు చక్కని పాడియావు
హిందువులు లేగదూడలై యేడ్చుచుండ
తెల్లవారను గడుసరి గొల్లవారు
పితుకుచున్నారు మూతులు బిగియగట్టి

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ఉపన్యసించినప్పుడు, ఆ ఉపన్యాసాలను తెలుగులోకి అనువదించిన చిలకమర్తి వారు సభలో ఈ పద్యాన్ని ఆశువుగా చెప్పారని చాలా పుస్తకాలలో చదివాను. ఆ పుస్తకాల వెనుక ఉన్న ఆధారం వారి స్వీయచరిత్రే అయినట్లు కనిపిస్తోంది. అది 1940ల తొలి సంవత్సరాలలో, అంటే దాదాపు 35 ఏళ్ళ తరువాత వెలువడిన గ్రంథం. పద్యం కింద రాసే పరిచయవాక్యానికి దానిని ఎంతవరకు నమ్ముకోవచ్చు?

రాజమహేంద్రవరం సభ్యుడు:

ఇందులో సందేహానికి తావెక్కడిదండీ? ఆయన వేదిక మీదనే ఉన్నారు, అనువదించినది ఆయనే, పద్యం చెప్పినదీ ఆయనే. ప్రత్యక్షసాక్షి మాట కనుక అది ప్రాథమిక ఆధారం. పైగా పది పుస్తకాలు అదే మాట చెబుతున్నాయి.

మరొక సభ్యుడు:

మూతులు బిగియగట్టినది ఎవరికి అన్నది కదా ప్రశ్న? దూడలకే. పాలు పితికేటప్పుడు దూడ పొదుగు దగ్గరకు రాకుండా మూతికి చిక్కం కడతారు. ఆవు మూతి కట్టారని కొందరు అర్థం చెబుతుంటారు, అది సరికాదు.

విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు:

అర్థం విషయంలో మీరు చెప్పినది నిజమే కాని, ఆమె అడిగినది ఆధారం గురించి. రాజమహేంద్రవరం మిత్రుని మాటలో సగం ఒప్పుకుంటాను. చిలకమర్తి వారు ప్రత్యక్షసాక్షి, అందులో వివాదం లేదు. అయితే సాక్షి 1907 నాటివారైనా, వాఙ్మూలం 1940ల నాటిది. 1867లో పుట్టిన ఆయనకు పాల్ వచ్చేనాటికి నలభై నిండుతున్నాయి. స్వీయచరిత్ర వెలువడేనాటికి డెబ్బై దాటాయి, చూపు కూడా పోయింది. చెప్పి వ్రాయించిన గ్రంథమది. పాత పత్రికల ప్రతులను, తన కాగితాలను తానే తిరగేసి సరిచూసుకొనే అవకాశం ఆయనకు లేదని గుర్తుంచుకొని చదవాలి.

పది పుస్తకాలు అన్నారు. అవన్నీ స్వీయచరిత్ర నుండే ఎత్తుకొని ఉంటే సాక్షులు పదిమంది కారు, ఒక్కరే. ఒకే మాటల వరుస, ఒకే వివరం, ఒకే పొరపాటు పుస్తకం నుండి పుస్తకానికి సాగుతూ ఉంటే అది నకలని తెలుస్తుంది. స్వీయచరిత్ర అచ్చుకు ముందే ఈ సంగతి రాసినవారు ఒక్కరు దొరికినా, వారి మాట తరువాతి పది పుస్తకాల కన్నా ఎక్కువ విలువైనది.

ఇక స్వీయచరిత్రను మొత్తంగా నమ్మాలా వద్దా అని అడగడం కన్నా, మీ పరిచయవాక్యంలో ఎన్ని సంగతులు కలిసి ఉన్నాయో విడదీసి చూడడం మేలు. పద్యపాఠం ఒకటి, కర్తృత్వం ఒకటి, సందర్భం ఒకటి, «ఆశువుగా» అన్నది మరొకటి. వీటన్నిటికీ జ్ఞాపకం ఒకే బలంతో సాక్ష్యం చెప్పదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

పద్యపాఠం మాత్రం గట్టిదేనంటారా?

విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు:

అన్నిటికన్నా గట్టిది అదే, ఎందుకంటే దానిని ఛందస్సు కాపలా కాస్తోంది. ఇది తేటగీతి. మొదటి పాదంలో భ–పా, రెండవ పాదంలో హిం–యే, నాలుగవ పాదంలో పి–బి యతులు కుదిరాయి. మూడవ పాదంలో తె–గొ అక్షరాలకు యతి లేదు, కాని తెల్ల–గొల్ల అని ప్రాసయతి ఉంది. «హిందువులు» తీసి «భారతీయులు» అని ఎవరైనా మార్చబోతే గణాలూ చెడతాయి, యతీ తప్పుతుంది. వచనంలో చెప్పిన సంభాషణకు ఇటువంటి రక్షణ లేదు. కనుక అదే స్వీయచరిత్రలో ఎవరో అన్న మాటలు కొటేషన్లలో కనిపిస్తే, అవి దశాబ్దాల తరువాత మళ్ళీ కూర్చిన మాటలనే అనుకోవాలి.

విజయనగరం సభ్యుడు:

మా తాతగారి చేతివ్రాత పుస్తకంలో «తెల్లవారలు గడుసరి గొల్లవారు» అని ఉంది. ఆయన బడిలో నేర్చుకొన్న పాఠమట. మరి అది తప్పవుతుందా?

విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు:

మంచి సంగతి తెచ్చారు. «వారను», «వారలు» రెండూ ఒకే గణం, ఒక గురువు మీద రెండు లఘువులు. యతి స్థానానికీ దానితో పని లేదు. కాబట్టి ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పలేదు. ఏ అచ్చుప్రతి పాతదన్నదే చూడాలి. మీ తాతగారి పుస్తకం మీద తేదీ ఉంటే దయచేసి ఫొటో పెట్టండి.

సందర్భం సంగతికి వస్తే, జ్ఞాపకం తేదీలను తారుమారు చేస్తుంది గాని, తాను నిలబడి పనిచేసిన పెద్ద సందర్భాన్ని అంత సులభంగా పోగొట్టుకోదు. పాల్ పర్యటనను బయటి ఆధారాలతో సరిచూడవచ్చు. ఆయన 1907 మే నెలలో మద్రాసులో ఉపన్యసించారు, రాజమండ్రి సభలు అంతకు ముందు, ఏప్రిల్‌లో జరిగాయి. ఈ క్రమానికి స్వీయచరిత్ర లొంగితే నమ్మకం పెరుగుతుంది. అయితే సభలు జరిగాయని రుజువైనంత మాత్రాన పద్యం ఆ సభలో చెప్పారని రుజువు కాదు.

రాజమహేంద్రవరం సభ్యుడు:

ఆనాటి ఇంగ్లీషు పత్రికలో పద్యం లేకపోతే సభలో చెప్పలేదని తేల్చేస్తారా? అది అన్యాయం కదండీ.

విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు:

తేల్చను. ఇంగ్లీషు విలేకరి పాల్ ప్రసంగం కోసం వచ్చినవాడు. అనువాదకుడు చదివిన తెలుగు పద్యాన్ని వదిలివేయడం సహజం, కనుక ఆ మౌనానికి బరువు లేదు. కృష్ణాపత్రిక వంటి తెలుగు పత్రిక సభను వివరంగా రాసి, పద్యం మాట ఎత్తకపోతే దానికి కొంత బరువు ఉంటుంది. ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికల నుండి సారాంశాలను అనువదింపజేసుకొని నివేదికలుగా అచ్చు వేసుకొనేది. రాజద్రోహం వాసన ఉన్న పద్యం ఆ రోజుల్లోనే అచ్చయి ఉంటే, వాటిలో దాని జాడ దొరికే అవకాశం ఉంది. చిలకమర్తి వారు స్వయంగా నడిపిన మనోరమ, దేశమాత పత్రికల సంచికలు దొరికితే మరీ మంచిది. అవి ఆయన జ్ఞాపకం కన్నా సంఘటనకు ఎంతో దగ్గరివి.

నాకు నిజంగా అనుమానం ఉన్నది «ఆశువుగా» అన్న ఒక్క మాట మీదనే. ఊరూరా నోట నానిన పద్యానికి కథ కూడా తోడుగా పెరుగుతుంది. వినేవారు అడిగి అడిగి చెప్పించుకొన్న కొద్దీ, చెప్పేవారి జ్ఞాపకం కూడా ఆ కథ వైపే ఒదుగుతుంది. ముందు రోజు రాత్రి అల్లుకొన్న పద్యాన్ని సభలో చదివినా, వినేవారికి అది అప్పటికప్పుడు పుట్టినట్లే ఉంటుంది. కాబట్టి స్వీయచరిత్ర తొలి ముద్రణలో ఆ పుట తెరిచి, చిలకమర్తి వారు తాను ఏమన్నారో, తరువాతివారు ఏమి చేర్చారో ముందుగా వేరు చేయండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

అలాగేనండీ. ప్రస్తుతానికి «1907లో రాజమండ్రిలో జరిగిన బిపిన్ చంద్రపాల్ సభల సందర్భంలో ఈ పద్యం చెప్పినట్లు చిలకమర్తి తమ స్వీయచరిత్రలో పేర్కొన్నారు» అని రాసి, «ఆశువుగా» తీసివేస్తున్నాను. తొలి ముద్రణ పుట ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. కర్తృత్వం మాట కూడా అడగాలి. ఈ పద్యాన్ని వేరొకరిదిగా చెప్పినవారు ఉన్నారని విన్నాను.

విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు:

కర్తృత్వం విషయంలో ఆయన మాటకు స్వప్రయోజనం ఉందని ఒప్పుకోవాలి. కాని అచ్చయ్యేనాటికి ఆ సభలు చూసినవారు ఎందరో బ్రతికే ఉన్నారు, కాదని అనగలిగినవారు వారే. గ్రంథం వెలువడిన తరువాతి కొన్నేళ్ళ పత్రికలలో అటువంటి ఖండన ఏదైనా వచ్చిందా అని వెతకాలి. ఆ పని నేను చేయలేదు.

విజయనగరం సభ్యుడు:

పుస్తకం తీసి చూశాను. లోపలి అట్ట మీద 1931 అని ఉంది, కాని పద్యం ఉన్న పుటలో సిరా వేరుగా ఉంది. రేపు వెలుతురులో ఫొటో తీసి పెడతాను.