గడువు మూడోసారి తప్పిన డెవలపర్‌కు మెయిల్ ఎలా రాయాలి?

కాగితంపడవ:
నేను నోటుపుస్తకాలు, డైరీలు తయారు చేసి అమ్ముతాను. ఆన్‌లైన్ దుకాణం కట్టే పని ఒక డెవలపర్‌కు అప్పగించాను. ముందు జూన్ 10 అన్నారు, తర్వాత 24, ఆ తర్వాత జూలై 8. ఈ రోజు 11. ఎప్పుడడిగినా "తొంభై శాతం అయిపోయిందండీ" అంటారు. మూడు వారాలుగా ఆ తొంభై దగ్గరే ఉంది. రాత్రి కోపంతో ఇది రాసి, పంపకుండా ఆపాను:

"మీ నిర్లక్ష్యం వల్ల నా వ్యాపారం దెబ్బతింటోంది. మూడుసార్లు మాట తప్పారు. ఇక సహించను. వెంటనే సైటు పూర్తి చేసే తేదీ చెప్పండి."

ఘాటు సరిపోయిందా?

ముక్కుసూటి:
సరిపోలేదు. మిగిలిన సొమ్ము ఆపేశానని, ఆలస్యమైన ప్రతి రోజుకూ జరిమానా వేస్తానని రాయండి. డబ్బు ఆగితే తప్ప ఎవరూ కదలరు.

పాతకోడు:
పని అందేదాకా చివరి వాయిదా ఆపడం సబబే. జరిమానా మాత్రం ఒప్పందంలో ముందే ఉండాలి. ఇప్పుడు కొత్తగా రాస్తే అది ఉత్త బెదిరింపు.

పన్నెండేళ్లు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. ఈ మెయిల్ నాకు వచ్చి ఉంటే "క్షమించండి, శుక్రవారానికి ఇచ్చేస్తాను" అని రాసి ఊరుకునేవాణ్ణి. మీరు అడిగింది తేదీ ఒక్కటే కదా. ఏది మిగిలింది, ఎందుకు ఆగింది అని అడిగితే అలా తప్పించుకోలేను. అందుకు ముందు మీరే పరీక్ష లింకు తెరిచి, కొనేవారిలా ఒక ఆర్డరు పెట్టి చూడండి. మీ వైపు ఆలస్యం ఏమైనా ఉందా?

వానకోయిల:
నా లోగో చేసినవాళ్లూ ఇంతే! చివరికి ఫోనులో గట్టిగా కేకలేస్తే మర్నాడే పంపారు. మీ లోగో ఎవరు చేస్తున్నారు?

కాగితంపడవ:
లోగో ఎప్పుడో వచ్చిందండీ, ఆగింది సైటు.

పాతకోడు గారూ, రెండు ఆర్డర్లు పెట్టాను. మొదటిది బాగానే పడింది. రెండోసారి చెల్లింపు అయిన వెంటనే, మా సైటుకు తిరిగి రాకముందే బ్రౌజరు మూసేశాను. చెల్లింపుల సంస్థ ఖాతాలో ఆ సొమ్ము కనిపిస్తోంది, నా ఆర్డర్ల జాబితాలో మాత్రం "పెండింగ్" అని ఉంది. రవాణా ఖర్చు సున్నా చూపిస్తోంది. ఆర్డరు అందినట్టు మెయిల్ ఒక్కటీ రాలేదు.

నా తప్పూ ఉంది. ఫోటోలు మే 20న ఇవ్వాల్సింది, 29న ఇచ్చాను. అది రాస్తే నెపమంతా నా మీదికే తోస్తారేమో.

పాతకోడు:
మీరు రాయకపోతే ఆయన రాస్తారు. అప్పుడు ఆ తొమ్మిది రోజులే నెల ఆలస్యానికి సాకు అవుతాయి. మీరే లెక్క కట్టేస్తే జూన్ 10 కాస్తా 19 అవుతుంది, అంతకు మించి సాగదు.

పెండింగ్ సంగతి: కొన్నవారి బ్రౌజరు తిరిగి వచ్చినప్పుడే మీ సైటు ఆర్డరును ఖాయం చేస్తున్నట్టుంది. డబ్బు అందిందని చెల్లింపుల సంస్థ సర్వరు నుంచి నేరుగా కబురు తెచ్చే వెబ్‌హుక్ కలపలేదో, కలిపినా విఫలమవుతోందో లాగ్ చూస్తే తెలుస్తుంది. ఇది నా అనుమానమే, కాబట్టి మెయిల్‌లో పెట్టకండి. మీ కంటికి కనబడింది కనబడినట్టు రాయండి.

ముక్కుసూటి:
డొమైన్ ఎవరి పేరున ఉంది? కోడు ఎక్కడుంది?

కాగితంపడవ:
డొమైన్ నా ఖాతాలోనే ఉంది. కోడు ఆయన దగ్గరే.

ముక్కుసూటి:
అయితే కోడు కూడా ఈ మెయిల్‌లోనే అడగండి.

పాతకోడు:
అడగాల్సిందే, కానీ ఇందులో వద్దంటాను. తనను తప్పిస్తున్నారని అనుకుంటే ఉన్న పనీ ఆగుతుంది.

ముక్కుసూటి:
తర్వాత అడిగితే ఇస్తారని నమ్మకమేమిటి?

కాగితంపడవ:
కోడు సంగతి ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి ఇది పంపాను:

"నమస్కారం. జూన్ 10, జూన్ 24, జూలై 8 గడువుల్లో ఏ ఒక్కనాటికీ సైటు అందలేదు. ఫోటోలు నేను తొమ్మిది రోజులు ఆలస్యంగా ఇచ్చాను. ఆ లెక్కన మొదటి గడువు జూన్ 19 అవుతుంది. తర్వాతి రెండు గడువులు ఫోటోలు అందాక మీరు చెప్పినవే.

ఈ రోజు పరీక్షిస్తే మూడు లోపాలు కనిపించాయి. చెల్లించిన వెంటనే బ్రౌజరు మూస్తే ఆర్డరు పెండింగ్‌లోనే ఉంటోంది. రవాణా ఖర్చు సున్నా వస్తోంది. ఆర్డరు మెయిల్ వెళ్లడం లేదు.

ఒక్కోదానికి కారణం, నేను పరీక్షించి చూడగల తేదీ, నా నుంచి మీకు కావలసినది జూలై 14 సాయంత్రంలోగా రాయండి. తేదీ వెనక్కి జరిగేలా ఉంటే ఆ రోజు రాకముందే చెప్పండి. మూడూ సరిచూశాక చివరి వాయిదా చెల్లిస్తాను."

వానకోయిల:
ఇంత మర్యాదగానా!

కాగితంపడవ:
14న జవాబు వచ్చింది. రవాణాకు 17, మెయిల్‌కు 18 అని తేదీలిచ్చారు. నేను బరువుల పట్టిక ఇవ్వలేదట, నిజమే. చెల్లింపు గురించి మాత్రం "చూస్తున్నాను" అన్నారు. తేదీ కోసం పట్టుబట్టనా?

పాతకోడు:
కారణం తెలియని పనికి ఇచ్చే తేదీ మళ్లీ తప్పుతుంది. కారణం ఎప్పటికి తేలుస్తారో, దానికి తేదీ అడగండి. బరువుల పట్టిక ఈ రోజే పంపేయండి.